యాదగిరిని హాజరుపరచాలని కోరుతూ హెబియస్ కార్పస్ రిట్ పిటిషన్

గౌరవ తెలంగాణ రాష్ట్ర హైకోర్టు, హైదరాబాద్
(భారత రాజ్యాంగం 226వ అధికరణం కింద ప్రత్యేక ప్రాథమిక అధికార పరిధి)
రిట్ పిటిషన్, 2025

పిటిషనర్:
బొల్లెపల్లి సుజాత, భర్త యాదగిరి, వయసు 34 ఏళ్లు, వృత్తి టైలరింగ్, నివాసం రావులకుంట గ్రామం, నల్గొండ జిల్లా

ప్రతివాదులు:
1. తెలంగాణ రాష్ట్రం, ప్రిన్సిపల్ సెక్రటరీ, హోం శాఖ ద్వారా, సచివాలయం, హైదరాబాద్
2. డైరెక్టర్ జనరల్ ఆఫ్ పోలీస్, తెలంగాణ, హైదరాబాద్
3. పోలీస్ సూపరింటెండెంట్, నల్గొండ జిల్లా
4. స్టేషన్ హౌస్ ఆఫీసర్, రావులకుంట పోలీస్ స్టేషన్, నల్గొండ జిల్లా

పిటిషనర్ ప్రమాణపత్రం

నేను, బొల్లెపల్లి సుజాత, పైన తెలిపిన నివాసిని, ప్రస్తుతం పని మీద హైదరాబాద్ వచ్చి ఉన్నాను. దైవసాక్షిగా ప్రమాణం చేసి ఇలా తెలుపుకుంటున్నాను:

1. ఈ కేసులో పిటిషనర్‌ని నేనే. నిర్బంధంలో ఉన్న బొల్లెపల్లి యాదగిరి, తండ్రి లేటు లింగయ్య, వయసు 39 ఏళ్లు, నా భర్త. సంగతులన్నీ నాకు తెలుసు. నాకు తెలుగు చదవడం, రాయడం వచ్చు, ఇంగ్లిష్ రాదు. అందుకే తెలుగులో ప్రమాణం చేస్తున్నాను. ఇంగ్లిష్ అనువాదం జతపరిచాం. 1 నుంచి 3 వరకు ప్రతివాదుల మీద నాకు విడిగా ఆరోపణ లేదు. కోర్టు ఉత్తర్వు అమలు చేయాల్సిన అధికారులు కాబట్టి వారిని చేర్చాం.

2. నా భర్త మోటార్ వైండింగ్ మెకానిక్. ఊరి బస్టాండు పక్కన అద్దె షెడ్డులో రైతుల బోరు మోటార్లు బాగుచేస్తాడు. కాలిపోయిన మోటార్ల నుంచి తీసిన పాత కాపర్ వైరును స్క్రాపు షాపుకు అమ్ముతాడు. ఈ మాట దాచడం లేదు, వైండింగ్ చేసే ప్రతి షెడ్డులోనూ జరిగేదే ఇది. చుట్టుపక్కల పొలాల్లో ట్రాన్స్‌ఫార్మర్లు పగలగొట్టి కాపర్ ఎత్తుకుపోతున్న దొంగతనాల గురించి పోయిన ఏడాది కూడా ఆయనను ఠాణాకు పిలిచి, నాలుగు మాటలు అడిగి, అదే రోజు సాయంత్రం పంపించారు. అప్పుడు ఏ కేసూ పెట్టలేదు. ఆయన మీద వేరే కేసులూ లేవు.

3. 14.11.2025 శుక్రవారం సాయంత్రం సుమారు 5:30 గంటలకు నా భర్త షెడ్డులో ఒక రైతు మోటారుకు వైండింగ్ చేస్తుండగా తెల్ల బొలెరో వచ్చి ఆగింది. దిగిన ముగ్గురిలో ఒకరు యూనిఫాంలో, ఇద్దరు మామూలు బట్టల్లో ఉన్నారు. యూనిఫాంలో ఉన్న ఆయన చొక్కా మీద పేరు బ్యాడ్జీ లేదు. బండి నంబరు ప్లేటు బురద కొట్టుకొని ఉంది. పక్కనే సైకిల్ షాపు నడిపే వెంకన్న, నా మరిది సైదులు అక్కడే ఉన్నారు. ఎందుకని సైదులు అడిగితే, “కాపర్ ముచ్చట అడిగేది ఉంది, ఎంక్వయిరీకి తీస్కపోతున్నం, పొద్దుగూకేలోపు పంపిస్తం” అన్నారు. కాగితం చూపలేదు, ఎవరి సంతకమూ తీసుకోలేదు. సగం చుట్టిన కాయిల్ టేబుల్ మీదే ఉంది, కరెంటు కూడా సైదులే బంద్ చేశాడు. వెంకన్న, సైదులు వేర్వేరుగా ఇచ్చిన ప్రమాణపత్రాలు ఎగ్జిబిట్ పి-1, పి-2.

4. ఆ రాత్రి 9 గంటలకు నేను, మా అత్త ఠాణాకు పోయాం. నా భర్త లోపల గోడకు ఆనుకొని కింద కూర్చొని ఉండడం మెయిన్ గేటు దగ్గర నుంచి మా ఇద్దరికీ కనబడింది. దగ్గరికి పోనివ్వలేదు. 15వ తేదీ శనివారం పొద్దున మళ్లీ పోతే, సెంట్రీ డ్యూటీలో ఉన్న కానిస్టేబుల్ “సారు వచ్చినంక చెప్తం” అన్నాడు. నా భర్తకు షుగర్ ఉంది, రోజుకు రెండు పూటలా మాత్రలు వేసుకోవాలి. మాత్రలు, ఒక జత బట్టలు, టిఫిన్ బాక్సులో అన్నం ఇస్తే తీసుకున్నాడు. 16వ తేదీ ఆదివారం మధ్యాహ్నం పోయినప్పుడు కడిగిన ఖాళీ బాక్సు, మాసిన చొక్కా తిరిగి నా చేతికిచ్చాడు. ఆ చొక్కా 14వ తేదీన నా భర్త ఒంటి మీద ఉన్నదే. ఎడమ చేతి కఫ్ మీద వార్నిష్ మరక ఉంది. దాన్ని ఉతకకుండా భద్రపరిచాను, ఆదేశిస్తే కోర్టుకు అప్పగిస్తాను. షుగర్ మందుల చీటీ ఎగ్జిబిట్ పి-3.

5. 17వ తేదీ సోమవారం పొద్దున దేవరకొండ జుడీషియల్ ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేట్ కోర్టులో మా స్థానిక న్యాయవాది విచారించారు. నా భర్త పేరుతో రిమాండ్ రిపోర్టు ఏదీ దాఖలు కాలేదని తెలిసింది. నల్గొండ జిల్లా జైలుకూ ఆయనను తేలేదు. పోలీసు శాఖ వెబ్‌సైట్‌లో చూస్తే రావులకుంట ఠాణా నుంచి ఆయన పేరు ఉన్న ఎఫ్‌ఐఆర్ కనిపించలేదు. అదే రోజు మధ్యాహ్నం 3వ ప్రతివాదికి రాతపూర్వక ఫిర్యాదు ఇచ్చి స్టాంపు వేయించుకున్నాం (ఎగ్జిబిట్ పి-4). సాయంత్రం 6 గంటలకు ఠాణాకు పోయినప్పుడు మాత్రం మాట మారింది. “ఎవర్నీ తేలే. నీ మొగడు యాడికి పోయిండో మాకేం తెలుసు, మిస్సింగ్ కంప్లెయింట్ రాసియ్యి” అన్నారు. ముందురోజు నా చేతికి చొక్కా ఇచ్చిన కానిస్టేబుల్ అక్కడే నిలబడి ఉన్నాడు, తలెత్తలేదు.

6. మనిషిని తేలేదన్నది నిజమైతే ఆయన చొక్కా ఠాణాలోకి ఎట్లా వచ్చిందో, నేనిచ్చిన మాత్రలు ఎవరి కోసం తీసుకున్నారో 4వ ప్రతివాది చెప్పాలి. తెచ్చామన్నది నిజమైతే ఏ చట్టం కింద, ఏ కాగితం మీద ఉంచుకున్నారో చెప్పాలి. ఈ రెండు ప్రశ్నల్లో ఏ ఒక్కదానికీ ఠాణా నుంచి నాకు జవాబు దొరకలేదు.

7. రాజ్యాంగం 22(2) అధికరణం ప్రకారం అరెస్టు చేసిన మనిషిని, ప్రయాణ సమయం మినహా, 24 గంటల్లోపు సమీప మేజిస్ట్రేట్ ముందు హాజరుపరచాలి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 58వ సెక్షన్‌దీ అదే మాట. రావులకుంట ఠాణా నుంచి దేవరకొండ కోర్టు 24 కిలోమీటర్లు. ప్రయాణానికి గంట కలిపినా గడువు 15వ తేదీ సాయంత్రం 6:30కే తీరిపోయింది. ఈ ప్రమాణపత్రం రాయిస్తున్న 18వ తేదీ పగలు 11:30కి ఆయన పోలీసుల చేతిలోకి పోయి 90 గంటలు. మధ్యలో ఆదివారం వచ్చిందన్న సాకు చెల్లదు. సెలవు రోజుల్లో నిందితులను మేజిస్ట్రేట్ ఇంటి దగ్గరైనా హాజరుపరుస్తారని ఠాణాలో పనిచేసే ఎవరికైనా తెలుసు.

8. ‘అరెస్టు చేయలేదు, ఎంక్వయిరీకి మాత్రమే పిలిచాం’ అని చెప్పే అవకాశం ఉంది. సాక్షిగా పిలవాలంటే సంహిత 179వ సెక్షన్ కింద రాతపూర్వక ఉత్తర్వు ఉండాలి. అనుమానితుడిగా పిలవాలంటే 35(3) కింద నోటీసు ఉండాలి. ఆ రెండూ లేవు. మనిషిని రాత్రుళ్లు ఠాణాలో కూర్చోబెట్టి, ఇంటివాళ్లను కలవనివ్వక, తన ఇష్టానికి లేచిపోనివ్వనప్పుడు దానికి ఏ పేరు పెట్టినా అది నిర్బంధమే. గడువు లెక్క మొదలయ్యేది 14వ తేదీ సాయంత్రం షెడ్డు దగ్గరే, రికార్డులో అరెస్టు రాసుకున్న గంట నుంచి కాదు.

9. అరెస్టుకు కారణాలు తెలపడం (22(1) అధికరణం, సంహిత 47), బంధువులకు సమాచారం ఇవ్వడం (48), అరెస్టు మెమో రాసి సాక్షి సంతకం తీసుకోవడం, అధికారి పేరు స్పష్టంగా కనబడడం (36), వైద్య పరీక్ష (53), న్యాయవాదిని కలవనివ్వడం (38): ఇవేవీ జరగలేదు. ఇవి చాలావరకు డి.కె. బసు వర్సెస్ పశ్చిమ బెంగాల్ కేసులో సుప్రీంకోర్టు 1996లోనే విధించిన నియమాలు.

10. ఈ పిటిషన్ సంగతి తెలియగానే, ‘17వ తేదీ రాత్రి బస్టాండులో అనుమానాస్పదంగా తిరుగుతుంటే పట్టుకున్నాం’ అని అరెస్టు చూపి రిమాండ్‌కు పంపుతారని నా భయం. అట్లా జరిగితే అసలు తేదీలు తేల్చేది ఠాణా సీసీటీవీ, జనరల్ డైరీ, ఆ బొలెరో లాగ్‌బుక్, నా భర్త ఫోను టవర్ లొకేషన్ మాత్రమే. పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు 2020 డిసెంబర్ 2న ప్రతి ఠాణాలో గేట్లు, లాకప్పులు, వరండాలు అన్నీ కనబడేలా కెమెరాలు పెట్టి, రికార్డింగును కనీసం ఏడాది పాటు దాచాలని చెప్పింది. కాబట్టి ఫుటేజీ లేదనే జవాబు 4వ ప్రతివాది నుంచి వస్తే, దాన్ని ఆయనకు వ్యతిరేకంగానే చూడాలని ప్రార్థిస్తున్నాను.

11. దొంగతనం ఎవరు చేశారో తేల్చమని నేను ఈ కోర్టును అడగడం లేదు. నా భర్త మీద ఆధారాలుంటే చట్టం ప్రకారం మేజిస్ట్రేట్ ముందు పెట్టనివ్వండి, అక్కడ బెయిలు కోసం మేమే కొట్లాడుకుంటాం. ఆయన ప్రాణంతో ఉన్నాడా, ఒంటి మీద దెబ్బలున్నాయా, మాత్రలు అందుతున్నాయా అన్నది తెలుసుకునేందుకు నాకు మరో దారి లేదు. ఇంత త్వరగా, ఇంత ప్రభావంతో పనిచేసే వేరే పరిహారం లేదు. ఇదే విషయంపై ఏ కోర్టులోనూ మరో పిటిషన్ వేయలేదు.

అభ్యర్థన

పై కారణాల వల్ల గౌరవ న్యాయస్థానం వారు,

(అ) బొల్లెపల్లి యాదగిరిని 14.11.2025 సాయంత్రం 5:30 నుంచి 4వ ప్రతివాది నిర్బంధంలో ఉంచి మేజిస్ట్రేట్ ముందు హాజరుపరచకపోవడం రాజ్యాంగం 21, 22 అధికరణాలకు, సంహిత 58వ సెక్షన్‌కు విరుద్ధమని ప్రకటించి, ఆయనను ఈ కోర్టు ముందు హాజరుపరిచి వెంటనే విడుదల చేయాలని హెబియస్ కార్పస్ రిట్ జారీ చేయాలని;

(ఆ) రుదుల్ షా కేసులో (1983) సుప్రీంకోర్టు చూపిన దారిలో, అక్రమ నిర్బంధానికి న్యాయస్థానం సబబని భావించిన పరిహారం ఇప్పించాలని;

(ఇ) పిటిషన్ తేలేలోపు మధ్యంతరంగా, ఈ రోజే ఒక అడ్వొకేట్ కమిషనర్‌ను నియమించి, ముందుగా తెలపకుండా రావులకుంట ఠాణాను, దాని ఆవరణలోని క్వార్టర్లను తనిఖీ చేయించి, యాదగిరి కనబడితే ఆయన మాట రాసుకొని, ప్రభుత్వ ఆసుపత్రిలో పరీక్ష చేయించి, నివేదికతో పాటు ఆయనను కోర్టుకు తెచ్చేలా ఆదేశించాలని;

(ఈ) 14.11.2025 నుంచి ఠాణా సీసీటీవీ రికార్డింగు, జనరల్ డైరీ, వాహనాల లాగ్‌బుక్‌లను 3వ ప్రతివాది స్వాధీనం చేసుకొని సీలు వేసి రిజిస్ట్రీకి పంపేలా, యాదగిరి ఫోను టవర్ లొకేషన్ వివరాలను టెలికాం సంస్థ నుంచి తెప్పించి భద్రపరిచేలా ఆదేశించాలని;

(ఉ) న్యాయస్థానం తగునని భావించిన ఇతర ఉత్తర్వులు ఇవ్వాలని కోరుతున్నాను.

మనిషి ప్రాణానికి సంబంధించినది కాబట్టి లంచ్ మోషన్‌గా ఈ రోజే విచారణకు స్వీకరించాలని నా న్యాయవాది మౌఖికంగా కూడా విన్నవిస్తారు.

ధ్రువీకరణ

పై 1 నుంచి 5 వరకు పేరాల్లో నేను చూసినవి, చేసినవి నాకు స్వయంగా తెలిసిన నిజాలు. 3వ పేరాలోని షెడ్డు దగ్గర సంగతులు సైదులు, వెంకన్న చెప్పగా, 5వ పేరాలో కోర్టు, జైలు, వెబ్‌సైట్ వివరాలు మా స్థానిక న్యాయవాది చెప్పగా తెలిసినవి, వాటిని నమ్ముతున్నాను. 6వ పేరాలోనివి, 10వ పేరాలోని నా భయం పై సంగతులను బట్టి చెప్పినవి. మిగిలిన పేరాల్లోని చట్టం మాటలు న్యాయవాది సలహాపై రాసినవి. ఏదీ దాచలేదు. చదివి, అర్థం చేసుకొని సంతకం చేశాను.

హైదరాబాద్, 18.11.2025

(సం.) బొల్లెపల్లి సుజాత
ప్రమాణకర్త

నా ఎదుట సంతకం చేసింది, తెలుగులో చదివి వినిపించాను.
(సం.) పిటిషనర్ తరఫు న్యాయవాది