గుండీలు, అగ్గిపుల్లలు, ఐదుగురు మనుషులు: న్యూరల్ నెట్‌వర్క్ ఎలా నేర్చుకుంటుంది

న్యూరల్ నెట్‌వర్క్ అంటే ఉదాహరణలు చూసి, తప్పులు దిద్దుకుంటూ నేర్చుకునే కంప్యూటర్ ప్రోగ్రామ్. అది ఎలా నేర్చుకుంటుందో ఒక ఆట ఆడి చూద్దాం. ఇవాళ్టి క్లాసులో లెక్కలు లేవు. పుల్లలు లెక్కపెట్టడం వస్తే చాలు. బల్ల మీద యాభై గుండీలు పోశాను. కొన్ని కోటువి, కొన్ని చొక్కావి. ఏది ఏదో ప్రతి గుండీ వెనకాల చిన్న కాగితం మీద రాసి అంటించి ఉంది. వాటిలో పది తీసి కవర్లో పెట్టేస్తున్నాను. వాటి పని చివర్లో.

ఐదుగురు ముందుకు రండి. ఒకరు తీర్పరి. గుండీ వెనక ఏం రాసి ఉందో చూసే హక్కు ఆయనకు మాత్రమే ఉంటుంది. మిగతా నలుగురికీ తలా ఒక్క విషయమే కనబడుతుంది. మొదటివారు సైజు చూస్తారు: పెద్దదైతే కోటు అంటారు, చిన్నదైతే చొక్కా. రెండోవారు చిల్లులు చూస్తారు: నాలుగుంటే కోటు, రెండుంటే చొక్కా. మూడోవారు రంగు: ముదురైతే కోటు, లేతైతే చొక్కా. నాలుగోవారు మెరుపు: మెరిస్తే కోటు, లేకపోతే చొక్కా. వీళ్ల నియమాలు సరైనవో కావో ఎవరికీ తెలియదు. తెలియకపోవడమే ఆట.

ఒక్కొక్కరి చేతిలో కొన్ని అగ్గిపుల్లలు ఉంటాయి. అవే వారి మాటకున్న బరువు. మొదట ఎవరికెన్ని అన్నది పాచిక వేసి తేల్చాం: సైజుకు 1, చిల్లులకు 2, రంగుకు 4, మెరుపుకు 3. నిజం నెట్‌వర్క్ కూడా ఇలాగే గుడ్డిగా మొదలవుతుంది. ఎవరి పుల్లలన్నీ వారు తమ పక్కన పెడతారు. ఏ పక్క పుల్లలు ఎక్కువైతే అదే జవాబు. సమానమైతే తప్పు కిందే లెక్క.

తప్పు వస్తే ఒకటే రూలు: సరైన పక్క పెట్టినవారికి ఒక పుల్ల కలుస్తుంది, తప్పు పక్క పెట్టినవారి నుంచి ఒకటి పోతుంది. ఒప్పయితే ఏమీ మారదు.

మొదటి గుండీ తీద్దాం. పెద్దది, రెండు చిల్లులు, లేత రంగు, మెరుపు లేదు. సైజు ఒక్కరే కోటన్నారు, ఉన్నది ఒకే పుల్ల. మిగతా ముగ్గురూ చొక్కా అన్నారు, తొమ్మిది పుల్లలు. జవాబు చొక్కా. తీర్పరి కాగితం చూసి ‘కోటు’ అన్నారు. సైజు 2 అయింది, చిల్లులు 1, రంగు 3, మెరుపు 2.

రెండోది చిన్నది, నాలుగు చిల్లులు, ముదురు రంగు, మెరుస్తోంది. చొక్కా వైపు సైజువారివి 2, కోటు వైపు 6. అసలు అది చొక్కా గుండీ. మళ్లీ తప్పే. ఇప్పుడు సైజు 3, చిల్లులు 0, రంగు 2, మెరుపు 1.

మూడోది పెద్దది, నాలుగు చిల్లులు, లేతరంగు, మెరుపు ఉంది. కోటుకు 4, చొక్కాకు 2. నిజంగా కోటే. ఎవరి పుల్లలూ కదలలేదు.

నాలుగోది చిన్నది, రెండు చిల్లులు, ముదురు, మెరుపు ఉంది. చొక్కాకు 3, కోటుకు 3, సమానం. అది చొక్కా. సైజు 4, చిల్లులు 1, రంగు 1, మెరుపు 0.

సైజువారిని ఒకసారి చూడండి. ఒక్క పుల్లతో కూర్చున్న మనిషి నాలుగు గుండీలు తిరిగేసరికి పెద్దమనిషి అయిపోయారు. ‘కోటు గుండీలు పెద్దగా ఉంటాయి’ అని వారికి ఎవరైనా చెప్పారా? లేదు. ఆ తెలివి ఏ ఒక్కరి తలలోనూ లేదు, పుల్లల పంపకంలో ఉంది. ఈ క్లాసులో ఒక్క విషయమే గుర్తుంటుందంటే ఇదే గుర్తుంచుకోండి.

మెరుపువారికి సున్నా వచ్చిందని జాలిపడకండి. ఇంకా తప్పుతూనే ఉంటే వారికి ఎర్రతల పుల్ల ఇస్తాం. దానర్థం వారు ఏ పక్క చెబితే దానికి ఎదురు పక్క లెక్కపెట్టాలి. ఎప్పుడూ తప్పే చెప్పే మనిషి నిజానికి బాగా పనికొస్తాడు, ఆయన చెప్పింది తిప్పి వింటే సరిపోతుంది. నెట్‌వర్క్‌లో బరువులు సున్నా కిందకి వెళ్లేది ఇందుకే.

ఇది నా కల్పన కాదు. 1950ల చివర్లో అమెరికా శాస్త్రవేత్త ఫ్రాంక్ రోజెన్‌బ్లాట్ కట్టిన, ఇలాగే నేర్చుకునే పర్‌సెప్ట్రాన్ యంత్రంలో బొమ్మను చూడటానికి 400 కాంతి సెన్సర్లు ఉండేవి. బరువులంటే అక్కడ రేడియో వాల్యూమ్ నాబ్ లాంటివి. తప్పు వచ్చినప్పుడు చిన్న మోటార్లు వాటిని కాస్త తిప్పేవి. మనకు అగ్గిపుల్ల, అక్కడ మోటారు.

ఎప్పుడూ ఎవరో ఒకరు అడుగుతారు: ఒక్కో పుల్లేనా, ఒకేసారి పది ఇస్తే తొందరగా నేర్చుకోదా అని. ఒక జట్టుతో అలాగే ఆడించాను. ప్రతి తప్పుకూ జట్టు ఈ కొస నుంచి ఆ కొసకి ఊగిపోయింది. ఒక గుండీ నేర్చుకోగానే అంతకు ముందుది మరిచిపోయింది. దానికి తోడు ఒక కాగితం మీద పొరపాటున జవాబు తప్పు రాశాను. ఆ ఒక్క గుండీ ఆటంతా తలకిందులు చేసింది. ఒక్కో పుల్లతో ఆడిన జట్టుకు ఆ తప్పు కాగితం తగిలినా పెద్దగా తేడా రాలేదు. మెల్లగా, అవే గుండీలు మళ్లీ మళ్లీ తిప్పడమే దారి.

ఇంకో జట్టుకు అనుకోకుండా పెద్ద ఇబ్బంది వచ్చింది. ఆ రోజు డబ్బాలో ఉన్న కోటు గుండీలన్నీ ముదురువే. రంగువారు ఒక్కసారీ తప్పలేదు, పుల్లలన్నీ వారి దగ్గరే చేరాయి. జట్టంతా సంబరపడింది. కవరు విప్పితే అందులో లేతరంగు కోటు గుండీలు మూడు ఉన్నాయి, మూడూ తప్పాయి. జట్టు కోటంటే ఏమిటో నేర్చుకోలేదు, ఆ డబ్బా ఎలా ఉందో నేర్చుకుంది. కవరు పక్కన పెట్టేది ఇది బయటపడటానికే. చేతిరాత అంకెలను గుర్తుపట్టడానికి చాలాకాలంగా వాడుతున్న ఎమ్‌నిస్ట్ బొమ్మల్లో నేర్చుకోవడానికి 60,000 ఉంటే, పరీక్షకు వేరుగా 10,000 పెట్టారు.

ఇప్పుడు కొంచెం మెలిక. పెద్ద ముదురువీ చిన్న లేతవీ కోటు అనుకుందాం, పెద్ద లేతవీ చిన్న ముదురువీ చొక్కా. మన నలుగురికీ పుల్లలు ఎలా పంచినా ఇది కుదరదు, కావాలంటే ఇంటికెళ్లి ప్రయత్నించండి. ఇక్కడ మధ్యలో ఇంకో వరుస కావాలి. వీళ్లు గుండీని చూడరు, మొదటి వరుస మాటలే వింటారు. అందులో ఒకరు ‘పెద్దదీ ముదురుదీ రెండూ అయితేనే’ గొంతెత్తుతారు. మరొకరు ‘చిన్నదీ లేతదీ అయితేనే’. జవాబు చెప్పే చివరి వ్యక్తి వీరిద్దరినీ వింటే చాలు. ఎవరు దేనికి గొంతెత్తాలో కూడా మనం చెప్పం, అదీ పుల్లలు కదులుతూనే కుదురుతుంది.

అయితే తప్పు వచ్చినప్పుడు మధ్య వరుసలో ఎవరిని తప్పుపట్టాలి? వాళ్ల దగ్గర కాగితం లేదు కదా. చివరి వ్యక్తి వెనక్కి తిరిగి, తాను ఎవరి మాటకు ఎన్ని పుల్లల బరువిచ్చారో చూసి, నింద ఆ లెక్కన పంచుతారు. మధ్యవారు తమ వంతు నిందను తమ వెనకున్నవారి మాటల మీద పెట్టుకున్న పుల్లలకు పంచుతారు. ఇలా తప్పు చివరి నుంచి మొదటికి నడుస్తుంది. దీని పేరు బ్యాక్‌ప్రాపగేషన్. 1986లో రూమెల్‌హార్ట్, హింటన్, విలియమ్స్ రాసిన పరిశోధన పేపరుతో ఇది బాగా వ్యాపించింది.

నిజం నెట్‌వర్క్‌లో పుల్లలు విరగ్గొట్టుకోవచ్చు, అర పుల్ల, పావు పుల్ల కూడా కదులుతుంది. జవాబు ఒప్పే అయినా బొటాబొటీగా వచ్చిందంటే అక్కడా కాస్త సర్దుతుంది. మన ఆటలో ఆ వీలు లేదు, ఉంటే అగ్గిపెట్టెలు చాలవు.

ఇంకా ముప్పై ఆరు గుండీలున్నాయి. తీర్పరిగారూ, తర్వాతది తీయండి. చిల్లులవారు నిద్రపోకండి, మీకు ఇంకా ఒక పుల్ల ఉంది.