బేకింగ్ సోడా, బేకింగ్ పౌడర్: బుజ్జమ్మ పంపిన థియరీ ప్రశ్నలకి పిన్నమ్మ జవాబులు

బుజ్జమ్మా, నువ్వు పంపిన ఫోటో చూశా, ఎనిమిది ప్రశ్నలు ఉండాయి గానీ చివరి రెండు మసకేసినాయి, అయినా ఏమడుగుతా ఉండారో అర్థమైంది. శుక్రవారం ఇంటర్నల్ అన్నావు గదా, ఇవాళ ఆర్డర్లు తక్కువే, కావలిలో పొద్దున్నించి ఒకటే వాన, అందుకే కూర్చొని టైప్ చేస్తా ఉండా. మీ గైడులో ఉన్న వరసలో చెప్పను, నాకు తోచినట్టు చెప్తా, పేపర్లో నువ్వు సర్దుకో.

ముందు ఒక మాట గట్టిగా పట్టుకో, ఎందుకంటే సగం ప్రశ్నలకి జవాబు దీంట్లోనే ఉంది. సోడా గానీ పౌడర్ గానీ కేకులో కొత్త బుడగలు పుట్టించవు. బుడగలు పుట్టించేది నువ్వు, బటర్‌లో చక్కెర వేసి తెల్లగా అయ్యేదాకా బీట్ చేస్తావే, అప్పుడు చక్కెర గింజల అంచులు కొవ్వులోకి సన్న సన్న గాలి తిత్తుల్ని దూరుస్తాయి, అదే క్రీమింగ్. తర్వాత సోడా నుంచి వచ్చే కార్బన్ డయాక్సైడ్ ఆ తిత్తుల్లోకి చేరి వాటిని ఊదుతుంది, అంతే. బటర్ కరగబెట్టి పోసేసి, పౌడర్ ఒక స్పూను ఎక్కువేస్తే సరిపోద్ది అనుకునేవాళ్ళ కేకు ఎందుకు గట్టిగా, ఆడాడ పెద్ద బొక్కలతో వస్తదో ఇప్పుడు తెలిసిందా? ఊదేదానికి తిత్తులు తక్కువ, ఉన్నవాటిలోకే గ్యాసంతా పోయింది.

ఇంక మొదటి ప్రశ్న, రెండింటికీ తేడా. సోడా అంటే ఒకటే పదార్థం, సోడియం బైకార్బొనేట్, NaHCO3, మీ అమ్మ బజ్జీల పిండిలో వేసే తినేసోడానే. అది క్షారం, పులుపు తగిలితే గ్యాసు వస్తుంది. మైసూర్ బజ్జీకి మైదాలో పుల్లపెరుగు వేసి చిటికెడు సోడా వేస్తామే, కలపంగానే పిండి కొంచెం పొంగినట్టు అవుద్ది చూడు, కెమిస్ట్రీ అంతా ఆ గిన్నెలోనే ఉంది. పౌడర్ అంటే ఈ సోడాకే పొడి రూపంలో ఉన్న పులుపు జతచేసి, ఆ రెండూ డబ్బాలోనే కొట్టుకోకుండా మధ్యలో మొక్కజొన్న పిండి కలిపి పెట్టింది. డబ్బా వెనక చిన్నచిన్న అక్షరాల్లో INS 500(ii) అని ఉంటే అది సోడా, 450(i) గానీ 341(i) గానీ 541 గానీ ఉంటే అది దాని పులుపు. పరీక్షలో ఇది రాస్తే మేడమ్‌కి నచ్చుద్ది, ఎవరూ డబ్బా తిప్పి చూడరు గదా.

పులుపు లేకుండా ఒట్టి సోడా వేస్తే ఏమైతది అని రెండో ప్రశ్న. వేడికి ఇట్టా విడిపోద్ది:

```
2 NaHCO3 → Na2CO3 + H2O + CO2
```

గ్యాసు వస్తుంది, కాదనను, కానీ సగమే వస్తుంది, మిగిలేది సోడియం కార్బొనేట్, అంటే చాకలిసోడా. సబ్బు వాసన, నాలిక మీద ఒక జిడ్డు రుచి, కేకు రంగు అతిగా ముదరడం, అన్నీ దాని పుణ్యమే. నాకు ఇది బాగా గుర్తుంది ఎందుకంటే మూడేళ్ళ క్రితం మా మరిది పుట్టినరోజుకి నల్లగా ఉండే ఖరీదైన కోకో తెప్పించి పాత రెసిపీ పెట్టి కేకు చేశా. ఆ రెసిపీలో ఉన్నది సోడా ఒక్కటే, పౌడర్ లేదు, పెరుగు లేదు, ఎందుకంటే మామూలు కోకో కాస్త పుల్లగానే ఉంటది, సోడాకి అదే సరిపోద్ది. నేను తెచ్చింది డచ్ ప్రాసెస్ కోకో, దాన్ని క్షారంతో శుద్ధి చేసి పులుపు తీసేస్తారు. ఒక ముక్క నోట్లో వేసుకోని "వదినా, గిన్నె సరిగా కడగలేదా" అన్నాడు. అందరూ నవ్వినారు, నేను ఆ రాత్రంతా ఎందుకబ్బా అని వెతుకుతా కూర్చున్నా. కాబట్టి రెసిపీలో సోడా కనపడితే ముందు పులుపు యాడుందో వెతుకు: పెరుగు, మజ్జిగ, నిమ్మరసం, వెనిగర్, తేనె, బెల్లం, మామూలు కోకో. బెల్లం, తేనెల పులుపు చాలా తక్కువ, వాటిని మాత్రమే నమ్ముకోని స్పూను సోడా వేసేయొద్దు.

క్షారం ఎక్కువైందా లేదా తెలుసుకునేదానికి ఇంట్లోనే ఒక సాక్షి ఉంది, పసుపు. దిష్టి తీసే ఎర్రనీళ్ళు ఎట్టా చేస్తారు, పసుపులో సున్నం కలిపి గదా, సోడాతోనూ అదే జరుగుద్ది. మ్యాంగో కేకుకి రంగు కోసం చిటికెడు పసుపు వేసినావనుకో, లోపల అక్కడక్కడ ఎర్ర మచ్చలు కనపడితే సోడా ఉండలు కట్టింది, సరిగా జల్లించలేదు అని అర్థం. ఇది నీ గైడులో ఉండదు, రాసుకో.

డబుల్ యాక్టింగ్ అనేది తికమకగా అడుగుతారు గానీ విషయం చిన్నది. పౌడర్‌లో రెండు పులుపులు ఉంటాయి, ఒకటి తడి తగలంగానే పని మొదలుపెడతది, మోనోకాల్షియం ఫాస్ఫేట్ ఇట్టాంటిదే, ఇంకోటి ఓవెన్ వేడి తగిలేదాకా దాదాపు నిద్రపోతా ఉంటది, సోడియం అల్యూమినియం సల్ఫేట్ ఆ రకం. అందుకే పౌడర్ వేసిన పిండి పది నిమిషాలు ఆగినా అంత నష్టం లేదు, ఒట్టి సోడా పెరుగు వేసింది మాత్రం కలిపినాక టిన్నులో పోసి వెంటనే ఓవెన్‌లోకి నెట్టాల. మా ఇంట్లో కరెంటు పోయి అట్టా ఒక ట్రే మొత్తం చప్పబడిపోయింది, ఆ కథ ఇంకోసారి.

లెక్క ప్రశ్న ఒకటుంది, న్యూట్రలైజింగ్ వాల్యూ. భయపడబాక. వంద గ్రాముల పులుపు పొడి ఎన్ని గ్రాముల సోడాని సరిపెట్టగలదో ఆ నంబరే అది. క్రీమ్ ఆఫ్ టార్టార్‌కి 45, మోనోకాల్షియం ఫాస్ఫేట్‌కి 80 అని తీసుకుంటారు. పది గ్రాముల సోడాకి క్రీమ్ ఆఫ్ టార్టార్ ఎంత కావాల? 10 ÷ 45 × 100, అంటే 22 గ్రాముల చిల్లర. అదే మోనోకాల్షియం ఫాస్ఫేట్ అయితే 12.5 చాలు. నంబరు పెద్దదైతే పులుపు తక్కువ పడుతుంది, ఇది తిరగేసి రాసి మార్కులు పోగొట్టుకుంటారు చాలామంది. ఇంట్లో పౌడర్ లేకపోతే సోడా ఒక వంతు, క్రీమ్ ఆఫ్ టార్టార్ రెండు వంతులు, కార్న్‌ఫ్లోర్ ఒక వంతు కలుపుతామే, ఆ రెండింతలు వచ్చింది ఈ లెక్కలోంచే.

ఒకే కేకులో రెండూ ఎందుకు వేస్తారు అన్నదానికి మన ఎగ్‌లెస్ కేకే జవాబు. ఒక కప్పు పెరుగుకి అర స్పూను సోడా చాలు, దాంతో పులుపు విరుగుద్ది, కొంత పొంగు వస్తుంది, కానీ కప్పున్నర మైదాని ఎత్తేదానికి అది చాలదు. అట్టని సోడానే పెంచితే పులుపు అయిపోయి మళ్ళీ సబ్బు కథ. అందుకే మిగతా పొంగుకి పౌడర్. మామూలుగా కప్పు మైదాకి పౌడర్ ఒక స్పూను, సోడా అయితే పావు స్పూను, ఎందుకంటే సోడా మూడు నాలుగు రెట్లు ఘాటు. పౌడర్ అయిపోయిందని అంతే స్పూను సోడా వేసేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

కేకు పొంగి మధ్యలో కుంగిపోవడానికి కారణాలు రాయమన్నారు. ఎక్కువ పౌడర్ వేస్తే బుడగలు త్వరగా పెద్దవై ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి పైకి పోయి పగులుతాయి, అప్పటికి గోడలు గట్టిపడి ఉండవు, గుడ్డు ప్రోటీన్ గడ్డకట్టాల, మైదాలో పిండిపదార్థం నీళ్ళు పీల్చి ఉబ్బాల, అవి జరగకముందే గాలి పోయింది. తలుపు ముందుగా తెరిచినా అంతే, ఓవెన్ వేడి తగ్గి గ్యాసు ముడుచుకుంటుంది. చక్కెర మరీ ఎక్కువైతే పిండి గట్టిపడే వేడి ఇంకా పైకి జరుగుద్ది, అదీ ఒక కారణం, దీన్ని చాలామంది రాయరు.

అమ్మోనియం బైకార్బొనేట్ బిస్కెట్లకి మాత్రమే ఎందుకు, కేకుకి ఎందుకు పనికిరాదు? అది వేడికి అమోనియా, నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్‌గా మొత్తం ఎగిరిపోతది, లోపల ఉప్పు మిగలదు, అందుకే బిస్కెట్ కరకరలాడుతుంది. పల్చటి ఎండు బిస్కెట్‌లోంచి అమోనియా బయటికి పోగలదు, తడిగా మందంగా ఉన్న కేకులోంచి పోలేదు, అట్టే ఇరుక్కుంటే నోట్లో పెట్టుకోలేము. మా ఊరి పాత బేకరీలో ఖారా బిస్కెట్లు కాలుస్తా ఉంటే పక్క వీధి దాకా ముక్కు మండే వాసన వచ్చేది, చిన్నప్పుడు అదేందో తెలియక మేము పరిగెత్తేవాళ్ళం.

రసాయనాలే కాదు పొంగించేది. ఎగ్ పఫ్‌లో సోడా లేదు, పౌడర్ లేదు, ఉన్నది నీళ్ళు. నీళ్ళు ఆవిరైతే సుమారు 1600 రెట్లు ఉబ్బుతాయి, మడతల మధ్య ఉన్న కొవ్వు ఆ ఆవిరిని ఆపి పొరని పైకి లేపుతుంది. మూడు మడతలు ఆరుసార్లు వేస్తే కొవ్వు పొరలు 3^6, అంటే 729. ఎక్లెయిర్ల షూ పేస్ట్రీదీ ఇదే సూత్రం, కాకపోతే పొరలు ఉండవు, లోపలంతా ఒకే గుల్ల, బాగా కాలకముందు తీస్తే చప్పున కూలిపోతది. స్పాంజ్‌లో గుడ్డులో కొట్టిన గాలే ఆధారం. బన్నులో ఈస్ట్, అది చక్కెరని తిని గ్యాసుతో పాటు ఆల్కహాల్ ఇస్తుంది, 60 డిగ్రీల దగ్గరికొచ్చేసరికి చచ్చిపోతది. మన ఇడ్లీ పిండి కూడా ఇట్టాంటిదే గానీ దాన్ని పొంగించేది ఎక్కువగా బాక్టీరియా, ఈస్ట్ అని రాయబాక.

ప్రాక్టికల్‌లో తప్పకుండా అడిగేది ఇంకోటి, పాత పౌడర్ పనిచేస్తుందో లేదో ఎట్టా తెలుస్తుంది? పౌడర్‌ని వేడినీళ్ళలో వెయ్యి, బుసబుసమని నురగ రావాల. సోడాని మాత్రం నిమ్మరసంలో వెయ్యాల, నీళ్ళలో వేసి పొంగలేదు పాడైపోయిందని పారేసిన మహానుభావులు ఉన్నారు. ఈ వానల్లో మన నెల్లూరు తేమకి పౌడర్ డబ్బాలోనే చెమ్మ తగిలి గడ్డ కడతది, గడ్డ కట్టిందంటే లోపలే సగం పని అయిపోయినట్టు. మీ హాస్టల్ రూములో కిటికీ పక్కన పెట్టినావే ఆ డబ్బా, ఈ రాత్రికే వేడినీళ్ళలో వేసి చూసి నురగ ఎంతొచ్చిందో నాకు వీడియో పంపు.