విషయం: సన్‌ఫ్లవర్ ఆయిల్ 9 కార్టన్లు తక్కువ వచ్చాయి, పంపగలరు

డిస్పాచ్ ఇన్‌చార్జి గారికి,

నమస్కారం అండి. కడప వై.వి. స్ట్రీట్‌లోని మా కిరాణా హోల్‌సేల్ షాపుకి మీ 14వ తేదీ బిల్లు, నంబరు 2187, మీద వచ్చిన సరుకు గురించి రాస్తున్నాను.

బిల్లులో వేరుశనగ నూనె 60, సన్‌ఫ్లవర్ 80, మొత్తం 140 కార్టన్లు ఉన్నాయి. లారీ రాత్రి పొద్దుపోయాక వచ్చింది. అందుకే డ్రైవర్ కాపీ మీద ‘లెక్క చూడలేదు’ అని రాసే సంతకం పెట్టాం. పొద్దున గోడౌన్‌లో స్టాక్ లెక్కపెడితే వేరుశనగ నూనె సరిగ్గా 60 ఉంది, సన్‌ఫ్లవర్ మాత్రం 71 కార్టన్లే తేలాయి. హమాలీలతో వరసలు విప్పించి మళ్ళీ లెక్కపెట్టించినా అంతే. కార్టన్‌కి 10 లీటరు ప్యాకెట్లు, అంటే 90 ప్యాకెట్లు తక్కువ. పాత స్టాక్ వేరే గదిలో ఉంది కాబట్టి కలిసిపోయే అవకాశం లేదు.

లారీ దారిలో ఇంకో రెండు చోట్ల సరుకు దించిందని డ్రైవర్ చెప్పాడు. అక్కడ ఎక్కువ దిగిందేమో, లేదా మీ దగ్గర లోడింగ్‌లోనే తగ్గిందేమో ఒకసారి చూడండి. డ్రైవర్‌ని ఇప్పుడే తప్పు పట్టడం న్యాయం కాదని నా అభిప్రాయం.

దసరా ఆర్డర్లు ఒప్పుకున్నాం, పల్లె షాపుల వాళ్ళు రోజూ అడుగుతున్నారు, టెన్షన్‌గా ఉంది. మిగతా 9 కార్టన్లు శుక్రవారం లారీకి తప్పకుండా వేయించండి. వీలుకాకపోతే అంత విలువకి క్రెడిట్ నోట్ ఇప్పించండి, మిగిలిన బిల్లు డబ్బు అనుకున్న రోజుకే కడతాం.

బిల్లు, డ్రైవర్ కాపీ, స్టాక్ షీట్ ఫోటోలు జత చేశాను. ఏ లారీలో పంపేదీ రేపు సాయంత్రంలోగా చెప్పగలరు.

ఇట్లు,
స్టాక్ గుమాస్తా,
కడప