పల్పింగ్, బ్లీచింగ్ విభాగాల ప్రక్రియ వివరణ: కొత్త ఆపరేటర్లకు తెలుగు ప్రతి

హైదరాబాద్‌లో తరగతి శిక్షణ ముగించుకొని మిల్లులో షిఫ్టు విధుల్లో చేరబోయే ఆపరేటర్ల కోసం ఈ ప్రతిని సిద్ధం చేశాము. కలప ముక్కలైన చిప్స్ వాటిని ఉడికించే డైజెస్టర్‌లోకి చేరినప్పటి నుంచి తెల్లబడిన గుజ్జు నిల్వ టవర్‌కు చేరే వరకు జరిగే పని ఇందులో ఉంది. కంట్రోల్ రూమ్ స్క్రీన్‌పై D0, EOP, D1 అని కనిపించే పేర్లను గుర్తించడం తేలికగా ఉండాలని వాటిని యథాతథంగా ఉంచాము.

మన మిల్లుకు వచ్చే కలప ప్రధానంగా సుబాబుల్, జామాయిల్, సరుగుడు. ఏ కలపలోనైనా కాగితానికి పనికివచ్చే సెల్యులోజ్ పోగులను లిగ్నిన్ అనే పదార్థం ఒకదానికొకటి గట్టిగా అతికించి ఉంచుతుంది. పోగులు దెబ్బతినకుండా ఈ లిగ్నిన్‌లో ఎక్కువ భాగాన్ని కరిగించడం పల్పింగ్ పని, మిగిలిన కొద్దిపాటి లిగ్నిన్‌ను తొలగించి గుజ్జును తెల్లబరచడం బ్లీచింగ్ పని. గుజ్జులో ఇంకా ఎంత లిగ్నిన్ మిగిలిందో కప్పా నంబరు చెబుతుంది. ఒక్కో కప్పా సుమారు 0.15 శాతం లిగ్నిన్‌కు సమానం. షిఫ్టులో చేరగానే మీరు ముందుగా చూడవలసిన అంకె ఇదే, ఎందుకంటే ఒక దశలో మిగిలిపోయిన లిగ్నిన్‌ను తొలగించే ఖర్చు తర్వాతి దశపై, అంతకంటే ఖరీదైన రసాయనం రూపంలో పడుతుంది.

చిప్స్ పొడవు 20 నుంచి 25 మిల్లీమీటర్ల మధ్య ఉండటం మంచిదే గాని, వంటకు నిజంగా ముఖ్యమైనది మందం. మందమైన చిప్ లోపలి వరకు లిక్కర్, అంటే వంట రసాయనాల ద్రావణం, చేరదు కనుక దాని మధ్యభాగం ఉడకకుండా మిగిలి, ఉడకని ముక్కలను వేరుచేసే నాటర్‌లో తేలుతుంది. సన్నని పుల్లలు, రంపపు పొడి అతిగా ఉడికి గుజ్జు దిగుబడిని తగ్గిస్తాయి. చిప్స్ స్క్రీన్ మీద మందమైన ముక్కలు పెరుగుతున్నట్లు గమనిస్తే, కప్పా ఫలితం వచ్చే వరకు వేచి ఉండకుండా చిప్పర్ విభాగానికి వెంటనే తెలియజేయాలి.

డైజెస్టర్ నిండిన తరువాత ముందుగా ఆవిరి పట్టి చిప్స్ లోపలి గాలిని బయటకు పంపుతారు. గాలి ఉన్నచోటికి లిక్కర్ వెళ్లలేదు కనుక ఈ పనిలో తొందర కూడదు. ఆపై కాస్టిక్ సోడా, సోడియం సల్ఫైడ్ కలిసిన వైట్ లిక్కర్‌ను, ముందటి వంటల్లో వాడిన, లిగ్నిన్ కరిగిన బ్లాక్ లిక్కర్‌ను అవసరమైనంత చేర్చి, ఉష్ణోగ్రతను నెమ్మదిగా 160 నుంచి 170 డిగ్రీల సెల్సియస్‌కు పెంచుతారు. కాస్టిక్ లిగ్నిన్‌ను కరిగిస్తుంది. సల్ఫైడ్ ఆ పనిని వేగవంతం చేయడంతోపాటు సెల్యులోజ్‌కు జరిగే నష్టాన్ని తగ్గిస్తుంది. వంట పూర్తయిందా లేదా అన్నది గడియారాన్ని చూసి కాక, సమయాన్నీ ఉష్ణోగ్రతనూ కలిపి లెక్కించే హెచ్ ఫ్యాక్టర్‌ను చూసి నిర్ణయించాలి. 170 డిగ్రీల వద్ద వంట వేగం 160 డిగ్రీల వద్ద ఉన్నదానికి రెండింతలకు పైగా ఉంటుంది. అందువల్ల పది డిగ్రీల తేడా చిన్నదిగా కనిపించినా, అదే సమయం ఉంచితే గుజ్జు అతిగా ఉడికి బలం కోల్పోతుంది. బ్లో ట్యాంకులోకి వచ్చే గుజ్జు కప్పా 16 నుంచి 20 మధ్య ఉండేలా వంటను నడపాలి.

డైజెస్టర్ నుంచి వాయువులను వదిలే రిలీఫ్ సమయంలో, గుజ్జును ఒత్తిడితో బ్లో ట్యాంకులోకి వదిలే బ్లో సమయంలో హైడ్రోజన్ సల్ఫైడ్, మిథైల్ మెర్‌కాప్టాన్ వంటి దుర్వాసన వాయువులు వెలువడతాయి. వీటిని సేకరించి కాల్చే వ్యవస్థ నడుస్తున్నదని నిర్ధారించుకున్న తరువాతే బ్లో చేయాలి. హైడ్రోజన్ సల్ఫైడ్ విషయంలో ముక్కును నమ్మకండి. గాలిలో అది 100 పీపీఎం స్థాయికి చేరేసరికి వాసన గ్రహించే శక్తి మొద్దుబారుతుంది కనుక, వాసన తగ్గినట్లు అనిపించడం ప్రమాదం పెరిగిందనడానికి సంకేతం కావచ్చు. గ్యాస్ డిటెక్టర్ లేకుండా బ్లో ట్యాంకు ప్రాంతంలోకి ఎవరూ వెళ్లకూడదు.

నాటర్‌లో ఉడకని ముక్కలు వేరుపడిన తరువాత గుజ్జు వాషర్లకు వస్తుంది. కొత్తవారు తక్కువగా అంచనా వేసే దశ ఇదే. మా దృష్టిలో మొత్తం విభాగం ఖర్చు తేలేది ఇక్కడే. శుభ్రమైన వేడినీరు చివరి వాషర్ మీద మాత్రమే పడుతుంది, అక్కడ వడకట్టిన నీరు ముందున్న వాషర్‌కు వెళ్తుంది, ఇలా గుజ్జుకు ఎదురుగా ప్రయాణిస్తూ చిక్కబడిన బ్లాక్ లిక్కర్ ఎవాపరేటర్లకు, అక్కడి నుంచి రికవరీ బాయిలర్‌కు చేరుతుంది. షవర్ నీరు తగ్గితే సోడా గుజ్జుతోపాటు ముందుకు పోయి నష్టమవుతుంది. ఎక్కువైతే లిక్కర్ పలచబడి ఎవాపరేటర్లలో ఆవిరి ఖర్చు పెరుగుతుంది. డ్రమ్ము మీద మ్యాట్ మందం ఒకేలా ఉండాలి. నురుగు పెరిగినప్పుడు వెంటనే డీఫోమర్ పెంచడం చాలామందికి అలవాటు, అయితే దానికి ముందు వ్యాట్ లెవెల్, గుజ్జులో పోగుల శాతాన్ని తెలిపే కన్సిస్టెన్సీ, గాలి లోపలికి చేరే చోట్లు పరిశీలించాలి.

కడిగిన గుజ్జును ఆక్సిజన్ రియాక్టర్‌లో కాస్టిక్, ఆక్సిజన్‌లతో 90 నుంచి 100 డిగ్రీల వద్ద, 10 నుంచి 12 శాతం కన్సిస్టెన్సీతో నడిపితే కప్పా దాదాపు 40 శాతం తగ్గుతుంది. ఇక్కడ కరిగిన లిగ్నిన్ కూడా రికవరీకే వెళ్తుంది కనుక అది మురుగునీటిలో కలవదు.

బ్లీచింగ్ D0 దశతో మొదలవుతుంది. ఇందులో వాడేది క్లోరిన్ వాయువు కాదు, క్లోరిన్ డయాక్సైడ్ ద్రావణం. మోతాదు నిర్ణయానికి ఒక ఉదాహరణ చూడండి. గుజ్జు కప్పా 10, ఒక్కో కప్పాకు ఇవ్వవలసిన యాక్టివ్ క్లోరిన్ శాతమైన కప్పా ఫ్యాక్టర్ 0.20 అయితే గుజ్జు బరువులో 2 శాతం యాక్టివ్ క్లోరిన్ కావాలి, అంటే టన్నుకు 20 కిలోలు. ఒక కిలో క్లోరిన్ డయాక్సైడ్ 2.63 కిలోల యాక్టివ్ క్లోరిన్‌కు సమానం కనుక, దానిని 2.63తో భాగిస్తే టన్నుకు 7.6 కిలోల క్లోరిన్ డయాక్సైడ్ అవుతుంది. ద్రావణం లీటరుకు 10 గ్రాముల బలంతో ఉంటే అది 760 లీటర్లు. కప్పా 10 ఉన్నా గుజ్జు సరిగా కడగకపోతే, దానితో వచ్చిన బ్లాక్ లిక్కర్ ఈ రసాయనంలో కొంత భాగాన్ని తినేస్తుంది, లెక్క కాగితం మీదే మిగిలిపోతుంది. D0 టవర్ చివర పీహెచ్ 2 నుంచి 3 మధ్య ఉండాలి.

EOP దశలో కాస్టిక్‌తోపాటు ఆక్సిజన్, హైడ్రోజన్ పెరాక్సైడ్ కలుపుతారు. D0లో మార్పు చెందిన లిగ్నిన్ క్షారంలో కరిగి ఇక్కడ బయటకు వస్తుంది కనుక పీహెచ్ 10.5 కంటే తగ్గనివ్వకూడదు. ఆ తరువాతి D1 దశలో మళ్లీ క్లోరిన్ డయాక్సైడ్‌ను, ఈసారి తక్కువ మోతాదులో, 70 డిగ్రీల పైన, సుమారు 3 గంటలపాటు పనిచేయనిస్తారు. చివరి పీహెచ్ 3.5 నుంచి 4 మధ్య ఉంటే తెలుపు బాగా వస్తుంది. టవర్ నుంచి వచ్చే గుజ్జులో రసాయనం కొద్దిగా మిగిలి ఉండాలి. ఏమీ మిగలకపోతే తెల్లదనం వెనక్కి పోయే అవకాశం ఉంది. ఆ మిగులును సల్ఫర్ డయాక్సైడ్‌తో తటస్థపరచి గుజ్జును నిల్వ టవర్‌కు పంపాలి.

క్లోరిన్ డయాక్సైడ్ వాయువు గాలిలో 10 శాతం దాటితే విస్ఫోటనంతో విడిపోగలదు. అందుకే దానిని వాయువుగా నిల్వ చేయరు, మిల్లులోనే తయారుచేసి చల్లని నీటిలో కరిగించి ఉంచుతారు. పసుపు పచ్చని పొగ కనిపించినా, ఘాటైన వాసన వచ్చినా, గాలి వీచే దిశకు అడ్డంగా బయటకు వెళ్లి షిఫ్టు ఇంజనీరుకు తెలపాలి, లీకును స్వయంగా ఆపే ప్రయత్నం చేయకూడదు. D దశల ఆమ్లపు నీటికీ, వాషర్లు, EOPల క్షారపు నీటికీ వేర్వేరు కాలువలు ఉన్నాయి. ఒలికిన బ్లాక్ లిక్కర్‌ను గానీ వైట్ లిక్కర్‌ను గానీ ఆమ్లపు కాలువలోకి కడిగివేస్తే అక్కడికక్కడే హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది. హోస్ పైపు చేతిలోకి తీసుకునే ముందు ఆ నీరు ఏ కాలువలోకి పోతుందో చూడండి. తెలియకపోతే షిఫ్టు ఇంజనీరును అడిగిన తరువాతే వాల్వు తిప్పండి.