పిన్నీ, నీ స్క్రీన్‌షాట్‌లోని ఒక్కో వరసా తెలుగులో

పిన్నీ,

ముందు ఒక పని చెయ్యి, మిగతాది తర్వాత చదువు. నీ షేర్ల యాప్‌లో ఆర్డర్స్ అన్న చోటికి వెళ్లు. ఆ 50 షేర్ల ఆర్డరు పక్కన ఇంకా ఓపెన్ అనే ఉంటే దాని మీద నొక్కి క్యాన్సిల్ చెయ్యి. ఎందుకో కింద మార్జిన్ దగ్గర రాశాను. క్యాన్సిల్ చేసినందుకు రూపాయి కూడా పోదు.

ఈ మాటలేవీ అర్థం కావట్లేదని నువ్వు పంపిన స్క్రీన్‌షాట్‌లో ఉన్నదాన్ని మళ్లీ ఇక్కడ టైపు చేశాను, పక్కన పెట్టుకుని చూసుకోవడానికి. పైన నీ క్లయింట్ ఐడీ కూడా పడింది. ఇకమీదట ఎవరికి పంపినా ఆ భాగం కత్తిరించి పంపు.

```
Funds                  Wed 11:42 AM
Add money (UPI)     Pending  ₹10,000
Opening balance              ₹40,000
Sale credit (unsettled)       ₹6,000
Used margin                   ₹4,000
Available margin             ₹42,000
Withdrawable balance         ₹36,000

Orders
BUY 50   MIS   LIMIT 400.00     Open
Margin required               ₹4,000

Explore
Share   LTP 250     Div yield  8.00%
Bond    Price 1,040 Coupon     9.00%
        2Y          YTM        6.79%
```

దీంట్లో ఏ అంకె చూసినా ఒకటే అడుగు: ఈ డబ్బు నా చేతిలో ఉందా, దారిలో ఉందా, లేక బ్రోకరు ఇచ్చిన వెసులుబాటా? పేర్లు ఎన్ని మారినా అంతా ఈ మూడింట్లోనే పడుతుంది.

పెండింగ్ అంటే దారిలో ఉన్న డబ్బు. నీ ₹10,000 ఇంకా బ్రోకరు ఖాతాకి చేరలేదు, అందుకే కింద ఏ లెక్కలోనూ అది కలవలేదు. ఇప్పుడు ఈ యాప్ కాదు, బ్యాంకు ఖాతా చూడు. అక్కడ డబ్బు కట్ కాకపోతే గొడవే లేదు, కాసేపట్లో ఆ వరస ఫెయిల్డ్ అని మారిపోతుంది. కట్ అయ్యుంటే మళ్లీ పంపకు. చాలామంది చేసే తప్పు అదే: పోలేదనుకుని రెండోసారి పంపుతారు, తర్వాత రెండూ చేరతాయి. యూపీఐ యాప్‌లో ఆ లావాదేవీ తెరిస్తే 12 అంకెల రిఫరెన్స్ నంబరు ఉంటుంది. దాన్ని రాసిపెట్టుకో. బ్యాంకు అడిగినా బ్రోకరు అడిగినా అదే కావాలి.

2019లో రిజర్వు బ్యాంకు పెట్టిన నియమం ప్రకారం, ఇలా వ్యాపార సంస్థకి కట్టిన యూపీఐ డబ్బు మన ఖాతాలో కట్ అయి అవతల ఖరారు కాకపోతే, పంపిన రోజు తర్వాత 5 రోజుల్లోపు దానంతటదే వెనక్కి రావాలి. ఆ గడువు దాటితే ఆలస్యమైన ప్రతి రోజుకీ ₹100 పరిహారం కూడా ఇవ్వాలి. కాబట్టి ఇవాళే కంగారు పడక్కర్లేదు.

ఒక్కటి మాత్రం సరిచూసుకో. ఆ ₹10,000 బాబాయి ఖాతా నుంచి పంపావా? ట్రేడింగ్ ఖాతాకి నీ పేరు మీదున్న, ఇక్కడ నమోదైన బ్యాంకు ఖాతా నుంచే డబ్బు రావాలి. భర్త ఖాతా అయినా ఒప్పుకోరు, వెనక్కి పంపేస్తారు. అలాగైతే ఎన్నిసార్లు పంపినా ఇదే జరుగుతుంది. ఇంకోటి, కస్టమర్ కేర్ నంబరు కోసం గూగుల్‌లో వెతక్కు. అక్కడ దొంగ నంబర్లు బోలెడు. యాప్ లోపల హెల్ప్ అని ఉన్నదే వాడు. ఓటీపీ గానీ యూపీఐ పిన్ గానీ అడిగినవాడు ఎవడైనా ఫోన్ పెట్టెయ్. డబ్బు రావడానికి పిన్ కొట్టే పని ఎప్పుడూ ఉండదు. ఒకవేళ మోసం జరిగిపోతే వెంటనే 1930కి ఫోన్ చెయ్యి.

తర్వాతి వరస, అన్‌సెటిల్డ్. ఐపీఓలో వచ్చిన 15 షేర్లు ఇవాళ పొద్దున ₹400 చొప్పున అమ్మావు కదా, ఆ ₹6,000. ఇదీ దారిలో ఉన్నదే, కానీ పెండింగ్ లాంటిది కాదు. అమ్మకం ఖాయమైపోయింది, ఇచ్చిపుచ్చుకోవడమే మిగిలింది. మన దేశంలో షేర్ల లావాదేవీ మర్నాటి పనిదినాన తీరుతుంది. 2023 జనవరి 27 నుంచి అన్ని షేర్లకీ ఇదే పద్ధతి. బుధవారం అమ్మావు కాబట్టి గురువారం తీరుతుంది, సాధారణంగా శుక్రవారం పొద్దున్నకి విత్‌డ్రాయబుల్ వరసలో కలుస్తుంది. మధ్యలో సెలవొస్తే ఆ మేరకి జరుగుతుంది. సరిగ్గా ₹6,000 రాదు, షేర్ల లావాదేవీ మీద ప్రభుత్వం వేసే ఎస్‌టీటీ అనే పన్ను, డీమ్యాట్ ఖాతా నుంచి షేర్లు బయటికి పంపినందుకు వేసే డీపీ ఛార్జి లాంటివి కొంత పోతాయి. రాత్రికి ఈమెయిల్‌లో కాంట్రాక్ట్ నోట్ వస్తుంది, అందులో ఒక్కో కోత విడివిడిగా ఉంటుంది.

ఇక మార్జిన్. నువ్వు తికమకపడ్డది ఇక్కడే, తప్పు నీది కాదు. ఒకే మాటని ఈ తెర రెండు అర్థాల్లో వాడుతోంది.

ఫండ్స్ పేజీలో అవైలబుల్ మార్జిన్ అంటే కొత్త ఆర్డర్లు పెట్టడానికి నీకున్న మొత్తం. లెక్క ఇదీ: పొద్దున ఉన్న 40,000, అమ్మకం మీద వచ్చిన 6,000 కలిపి 46,000. ఆర్డరు కోసం పక్కన పెట్టిన 4,000 తీసేస్తే 42,000. ఆ పక్కన పెట్టినదే యూజ్డ్ మార్జిన్. పేరు యూజ్డ్ అని ఉన్నా అది ఖర్చైపోలేదు, బయానా ఇచ్చినట్టు ఆగి ఉంది. ఆర్డరు క్యాన్సిల్ చేస్తే తిరిగి వస్తుంది. బ్యాంకుకి ఇవాళ తీసుకోగలిగింది 36,000 మాత్రమే, ఎందుకంటే ఆ 6,000 ఇంకా తీరలేదు. ఇంటి అవసరానికి లెక్క వేసుకునేటప్పుడు విత్‌డ్రాయబుల్ వరస ఒక్కటే చూడు.

ఆర్డరు దగ్గర మార్జిన్ రిక్వైర్డ్ ₹4,000 అంటే వేరే సంగతి. 50 షేర్లు ₹400 చొప్పున కొంటే ఖరీదు ₹20,000. మరి నాలుగు వేలే ఎందుకు అడిగిందంటావా? ఎంఐఎస్ అని ఎంచుకున్నావు కాబట్టి. ఎంఐఎస్ అంటే ఇవాళే కొని ఇవాళే అమ్మేస్తానని మాటివ్వడం. ఆ మాట మీద ఖరీదులో 20 శాతం చాలంటారు. షేర్లు చవగ్గా రావట్లేదు. ₹20,000 సరుకు మీద లాభమైనా నష్టమైనా మొత్తం నీదే, బయానా మాత్రమే చిన్నది.

దాని దెబ్బ ఎలా ఉంటుందో చూడు. షేరు 400 నుంచి 380కి పడితే తగ్గింది 5 శాతమే. నీ నష్టం 50 × 20, అంటే ₹1,000. నువ్వు పెట్టిన నాలుగు వేలలో పావు వంతు. 360కి పడితే సగం పోయినట్టే. రేపటికి మళ్లీ లేస్తుందిలే అని ఆగే వీలుండదు. మధ్యాహ్నం మూడూ ఇరవై ప్రాంతంలో, వాళ్ల వాళ్ల సమయాన్ని బట్టి, బ్రోకరే ఏ ధర దొరికితే ఆ ధరకి అమ్మేస్తాడు. చాలాచోట్ల దానికి విడిగా రుసుము కూడా వేస్తారు. షేరు లోయర్ సర్క్యూట్, అంటే ఆ రోజుకి పడగలిగే కింది హద్దు తగిలి కొనేవాడే లేకపోతే ఇంకా చిక్కు: షేర్లు నీకే మిగిలిపోతాయి, మొత్తం ₹20,000 నువ్వే సర్దాలి.

నీకు కావలసింది కొని అట్టేపెట్టుకోవడం. దానికి సీఎన్‌సీ ఎంచుకోవాలి, కొన్ని యాప్‌లలో డెలివరీ అని ఉంటుంది. అప్పుడు మార్జిన్ రిక్వైర్డ్ దగ్గర ₹20,000, దానికి కాస్త అటూఇటూగా చూపిస్తుంది. పూర్తి ఖరీదు అడుగుతోందంటే సరైన చోట నొక్కావని గుర్తు. కొనుగోలు మీద ఎస్‌టీటీ 0.1 శాతం, అంటే ₹20, స్టాంపు డ్యూటీ ₹3. బ్రోకరేజీ, ఎక్స్ఛేంజి రుసుములు వీటికి అదనం.

నువ్వు వెళ్లేసరికి ఆర్డరు ఓపెన్ పోయి ఎగ్జిక్యూటెడ్ అని ఉంటే భయపడకు. పొజిషన్స్‌లో ఆ వరస మీద నొక్కితే కన్వర్ట్ అని వస్తుంది, సీఎన్‌సీకి మార్చు. ఇంకో 16,000 ఆపుతుంది, అవైలబుల్ మార్జిన్ 26,000కి దిగుతుంది. నీ దగ్గర అంత ఉంది. మూడు గంటలు దాటక ముందే చెయ్యి.

ఓపెన్ అన్న మాట కూడా ఒక రకం పెండింగే. లిమిట్ 400 అన్నావు కాబట్టి 400కో అంతకన్నా తక్కువకో ఇచ్చేవాడు దొరికేదాకా ఆర్డరు కూర్చుని ఉంటుంది. దొరక్కపోతే ఇవాళ బజారు మూసేలోపు రద్దవుతుంది.

అక్కడే ఎంటీఎఫ్ అని మూడో గడి కూడా ఉంటుంది, దాన్ని ముట్టుకోకు. కొంత నువ్వు పెడితే తక్కినది బ్రోకరు అప్పిస్తాడు. కొన్న షేర్లు తాకట్టులో ఉంటాయి, వడ్డీ ఆదివారాలు కూడా నడుస్తుంది. ధర బాగా పడితే ఇంకా డబ్బు కట్టమంటారు, కట్టకపోతే అమ్మేస్తారు.

చివరిది యీల్డ్. ఈ రెండు యీల్డులూ ఒకటి కావు. షేరు పక్కన ఉన్న 8 శాతం అంటే, పోయిన ఏడాది ఒక్కో షేరుకి ఇచ్చిన ₹20 డివిడెండుని ఇవాళ్టి ధర ₹250తో భాగించిన అంకె. అది బ్యాంకు డిపాజిట్ వడ్డీలా మాటిచ్చినది కాదు. ఆ షేరు పోయినేడు ₹400 ఉన్నప్పుడు అదే డివిడెండు 5 శాతం. కంపెనీ ఎక్కువేమీ ఇవ్వలేదు, ధర పడింది కాబట్టి యీల్డు పెరిగినట్టు కనిపిస్తోంది. పెద్ద యీల్డు కనిపిస్తే ముందు ఏడాది ధరల గీత తెరిచి చూడు. ఈసారి డివిడెండు తగ్గించొచ్చు, ఎగ్గొట్టనూ వచ్చు.

బాండు పక్కన రెండు అంకెలున్నాయి. కూపన్ 9 శాతం అంటే ముఖవిలువ ₹1,000 మీద ఏడాదికి ₹90 వడ్డీ. కానీ నువ్వు కొనేది ₹1,040కి. రెండేళ్ల తర్వాత చేతికొచ్చేది ముఖవిలువ ₹1,000. అంటే వడ్డీ ₹180 వచ్చినా అసల్లో ₹40 తరుగు. మిగిలేది ₹140. ఆ తరుగునీ కలుపుకుని ఏడాదికి ఎంత గిట్టుబాటో చెప్పేదే వైటీఎం, 6.79 శాతం. బాండ్లలో పోల్చడానికి వైటీఎం చూడు, కూపన్ కాదు. అదీ చివరిదాకా అట్టేపెట్టుకుని, కంపెనీ సక్రమంగా కడితేనే. మధ్యలో అమ్మాల్సొస్తే కొనేవాడు దొరకడమే కష్టం కావచ్చు. వచ్చిన వడ్డీ మీద పన్ను కూడా నీ శ్లాబు ప్రకారం ఉంటుంది. బ్యాంకు ఎఫ్‌డీ కన్నా బాగా ఎక్కువ వైటీఎం కనిపిస్తే దాని రేటింగ్ ఏమిటో అడుగు. అన్నిటికన్నా పైదైన ఏఏఏ నుంచి కిందికి దిగేకొద్దీ డబ్బు తిరిగొస్తుందన్న ధీమా తగ్గుతుంది.

బాండు సంగతి ఇవాళ వద్దు. ఆర్డరు క్యాన్సిల్ చేశాక ఫండ్స్ పేజీ మళ్లీ తెరిచి, యూజ్డ్ మార్జిన్ 0, అవైలబుల్ 46,000, విత్‌డ్రాయబుల్ 40,000 అయ్యాయో లేదో చూసి ఇంకో స్క్రీన్‌షాట్ పంపు.