పదిమందికి తాజా ఎగ్ పాస్తా: పిండి, గుడ్ల లెక్క

తాజా పాస్తాకు అందరికీ తెలిసిన కొలత ఒక్కటే: మనిషికి 100 గ్రాముల పిండి, ఒక గుడ్డు. ఇద్దరికి, ముగ్గురికి ఇది చక్కగా సరిపోతుంది. పదిమంది భోజనానికి వచ్చినప్పుడు మాత్రం గుడ్లను లెక్కపెట్టడం మానేసి కాటా మీద తూచాలి.

పెంకు తీసిన గుడ్డు ఒకటి 45 గ్రాములు తూగొచ్చు, ఇంకొకటి 58 తూగొచ్చు. ఇద్దరికి చేసేటప్పుడు పది గ్రాముల తేడా వస్తే చిటికెడు పిండితో సర్దుకోవచ్చు. పది గుడ్లలో ఒక్కోటి 5 గ్రాములు ఎక్కువైతే మొత్తం 50 గ్రాములు. దాన్ని సరిచేయడానికి దాదాపు 90 గ్రాముల పిండి కావాలి. ఒకసారి ముద్దయ్యాక అంత పొడి పిండిని లోపలికి ఎక్కించడం చేతులకు పెద్ద పని, పైగా ఉండలు కడుతుంది. అందుకే గుడ్ల బరువు పిండి బరువులో 55 శాతం ఉండాలని పెట్టుకోండి.

పదిమందికి, పాస్తాయే ప్రధాన వంటకం అయితే:

పిండి: 1 కిలో. డబుల్ జీరో అనే మెత్తటి ఇటాలియన్ గోధుమపిండి దొరికితే అదే, లేకపోతే మైదా.
గుడ్లు: పెంకు తీశాక 550 గ్రాములు. సాధారణంగా 10 లేదా 11 పడతాయి.
సన్న రవ్వ: 150 గ్రాములు, చల్లడానికి మాత్రమే.
ఉప్పు: ఉడికించే నీళ్లకు, లీటరుకు 10 గ్రాములు.

పాస్తా తర్వాత ఇంకో పెద్ద వంటకం ఉంటే మనిషికి 75 గ్రాముల పిండి చాలు. అప్పుడు 750 గ్రాముల పిండికి సుమారు 410 గ్రాముల గుడ్లు. ముద్దలో ఉప్పు, నూనె అక్కర్లేదు. రుచి ఉడికే నీళ్ల నుంచి, సాస్ నుంచి వస్తుంది.

గుడ్లన్నీ ఒక గిన్నెలో కొట్టి తూచండి. పదోది కొట్టాక 530 గ్రాములే ఉంటే మిగిలిన 20 గ్రాములకు ఇంకో గుడ్డు కొట్టి, గిలకొట్టి, అందులోంచి కావలసినంతే పోయండి. రంగు కోసం కొన్ని గుడ్ల బదులు పచ్చసొనలు వేయాలనుకుంటే ఒక విషయం గుర్తుంచుకోవాలి: పచ్చసొనలో నీరు సగమే, తెల్లసొనలో దాదాపు తొంభై శాతం. ఒక గుడ్డు తీసి అదే బరువుకు మూడు పచ్చసొనలు వేసినా ముద్ద గట్టిపడుతుంది. అలా మార్చిన ప్రతి గుడ్డుకూ ఒక చెంచా నీళ్లు పక్కన పెట్టుకోండి, అవసరమైతేనే కలపండి.

కిలో పిండిని ఒకేసారి కలపడానికి పూనుకోకండి. 500 గ్రాముల పిండి, 275 గ్రాముల గుడ్లు చొప్పున రెండు వాయిలుగా చేయండి. పిండిని బల్ల మీద కుప్పగా పోసి, మధ్యలో వెడల్పుగా గుంట చేసి, గిలకొట్టిన గుడ్లు పోసి, ఫోర్కుతో లోపలి అంచు నుంచి కొద్దికొద్దిగా కలుపుతూ రండి. గట్టు తెగి గుడ్డు బల్ల మీద పారుతుందని భయంగా ఉంటే వెడల్పాటి గిన్నెలో కలపండి, ముద్దలో తేడా ఏమీ ఉండదు. పిండి తడిసి ముక్కలు ముక్కలుగా అయ్యాక చేత్తో దగ్గరికి తెచ్చి, అరచేతి మడమతో ముందుకు తోసి, మడిచి, పావు చుట్టు తిప్పి, పది నిమిషాలు మర్దించండి.

మొదటి మూడు నిమిషాలు ముద్ద గరుకుగా, పొడిగా, ఇక కలవదేమో అన్నట్టు ఉంటుంది. చాలామంది ఇక్కడే నీళ్లు పోసి చెడగొట్టుకుంటారు. ఐదో నిమిషం దాకా ఆగండి. అప్పటికీ పొడి ముక్కలు రాలుతుంటే చేతులు తడి చేసుకుని మర్దించండి, నీళ్లు నేరుగా పోయొద్దు. చేతికి అంటుకుంటుంటే బల్ల మీద చెంచా పిండి చల్లి, దాని మీద మర్దించండి. నున్నగా అయి, వేలితో నొక్కిన గుంట మెల్లగా పైకి వస్తే పని అయినట్టే. స్టాండ్ మిక్సర్ ఉంటే హుక్‌తో తక్కువ వేగంలో ఆరు నిమిషాలు. అందులోనూ ఒక్కో వాయికి 500 గ్రాములే. ఈ ముద్ద గట్టిది, మోటారు వేడెక్కుతుంది.

రెండు ముద్దలనూ గాలి తగలకుండా క్లింగ్ ఫిల్మ్ చుట్టి, గది వేడిలో కనీసం అరగంట నాననివ్వండి. మర్దించినప్పుడు బిగుసుకున్న గ్లూటెన్ ఈ సమయంలో సడలుతుంది. నానని ముద్ద పరచగానే వెనక్కి ముడుచుకుపోతుంది, పాస్తా పరిచే యంత్రంలో చిరుగుతుంది. గంట దాటి ఆలస్యమయ్యేట్టయితే ఫ్రిజ్‌లో పెట్టి, పరిచే ముందు అరగంట బయట ఉంచండి. రాత్రంతా ఉంచితే ముద్ద బూడిదరంగుకు తిరుగుతుంది. తినడానికి పనికొచ్చినా అతిథులకు పెట్టేలా ఉండదు.

మొత్తం ముద్ద 1,550 గ్రాములు. దాన్ని 155 గ్రాముల పది ముక్కలు చేస్తే ఒక్కో ముక్క ఒక్కో మనిషికి. ఇలా చేస్తే వడ్డించేటప్పుడు ఎవరికెంత అని చూసుకునే బాధ ఉండదు. ఒక ముక్క తీసి మిగతావి కప్పి ఉంచండి. యంత్రంలో అన్నిటికన్నా వెడల్పు సందులో పోనిచ్చి, మూడు మడతలు పెట్టి మళ్లీ పోనివ్వండి, ఇలా మూడుసార్లు. తర్వాత సందును ఒక్కో అంకె సన్నం చేస్తూ, మడవకుండా, ఒక మిల్లీమీటరు మందం దాకా. అప్పడాల కర్రతోనూ ఇది సాధ్యమే, కానీ పది ముక్కలంటే ఇద్దరు మనుషులు కావాలి.

పరిచిన షీటును 30 సెంటీమీటర్ల ముక్కలుగా కోసి, ఐదు నుంచి పది నిమిషాలు ఆరనిచ్చి, ఆ తర్వాతే టాలియటెల్లె, అంటే రిబ్బన్లలాంటి పోగులు, కోయండి. పచ్చిగా కోస్తే పోగులు అంటుకుంటాయి, ఎక్కువ ఆరితే విరుగుతాయి. ముట్టుకుంటే చేతికి అంటకుండా, మడిస్తే బీటలు వారకుండా ఉన్నప్పుడే కత్తి పెట్టాలి. కోసిన పోగులకు రవ్వ చల్లి, వదులుగా చుట్టి, రవ్వ చల్లిన ట్రేలో ఒక్కో చుట్ట పెట్టండి. పొడి పిండి చల్లితే అది తేమ పీల్చి జిగురవుతుంది. రవ్వ గింజలు మాత్రం విడిగానే ఉండి, నీళ్లలో వేయగానే చాలావరకు అడుగుకు దిగుతాయి.

భోజనం ఎనిమిదికైతే రెండున్నరకు కలపడం మొదలుపెట్టి, నాలుగింటికి పరచడం మొదలుపెడితే ఐదున్నరకు చుట్టలు సిద్ధం. పచ్చి గుడ్డు ఉన్న పాస్తా కాబట్టి అరగంటకు మించి బయట ఉంచకుండా, ట్రేతో సహా ఫ్రిజ్‌లో, పైన గుడ్డ కప్పి పెట్టండి. ముందురోజే చేయాలంటే ట్రేలో గడ్డకట్టించి, సంచిలో వేసి ఫ్రీజర్‌లో పెట్టాలి. కరిగించకుండా అలాగే మరిగే నీళ్లలో వేయండి, ఒక నిమిషం ఎక్కువ పడుతుంది.

ఉడికించడంలో పదిమంది భోజనం దెబ్బతినేది నీళ్ల దగ్గరే. అన్ని చుట్టలూ ఒకే గిన్నెలో వేస్తే మరుగు ఆగిపోయి పాస్తా ముద్ద కడుతుంది. ఒక్కోదాంట్లో ఆరు లీటర్ల నీళ్లతో రెండు గిన్నెలు ఏడింబావుకే పొయ్యి మీద పెట్టండి, అంత నీరు మరగడానికి అరగంట పట్టవచ్చు. ఒక్కోదాంట్లో ఐదు చుట్టలు, రవ్వ దులిపి. వేయగానే పొడవాటి ఫోర్కుతో కదిపి విడదీయండి. రెండు నిమిషాలకు ఒక పోగు కొరికి చూడండి, ఆరిన పాస్తా అయితే మూడు నిమిషాలు. పాస్తా తీసే ముందు రెండు కప్పుల ఆ నీళ్లు తీసి పెట్టుకోండి. పాస్తాను పట్టకారతో ఎత్తి నేరుగా వేడి సాస్‌లోకి వేసి, ఆ నీళ్లు కొంచెం కొంచెం పోస్తూ ఒక నిమిషం తిప్పండి. పదిమంది పాస్తాకు ఒక్క పెనం చాలదు, సాస్‌ను రెండు వెడల్పాటి పెనాల్లో ముందే పంచి వేడిగా ఉంచాలి.