బరంపురం అంబపువా ఫ్లాట్ల సైటు, ఆదివారం ఉదయం 11 గంటల విజిట్: చూపించేవాళ్లు చెప్పాల్సిన మాటలు

వచ్చేది ముగ్గురు. ఆయనకి పెద్దబజారులో పట్టుచీరల కొట్టు, ఆవిడ మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు, వెంట వాళ్లత్తగారు. పన్నెండేళ్లుగా అద్దె ఇంట్లోనే ఉంటున్నారు, సొంతానికి కొనడం ఇదే మొదటిసారి. మాట తెలుగులోనే సాగాలి. బ్రోచరు కారులో వదిలేయండి. టేపు, తాళాలగుత్తి, లెక్క కాగితం చేతిలో ఉంటే చాలు.

(గేటు దగ్గర)

నమస్కారమమ్మా, రండి. ఎండ ముదరకముందే వచ్చారు, మంచి పని చేశారు. పెద్దమ్మగారూ, లిఫ్టు ఇంకా బిగించలేదండి. శాంపిల్ ఫ్లాటు రెండో అంతస్తులోనే ఉంది, మెల్లగా ఎక్కుదాం. ఓపిక లేదంటే కింద నీడలో కుర్చీ వేయిస్తాను.

బాబూ, ఈ బోర్డు మీద ఒడిశా రెరా నంబరు ఉంది, రెరా అంటే ఇళ్లు కట్టి అమ్మేవాళ్ల మీద నిఘా పెట్టే ప్రభుత్వ సంస్థ, ఫోనులో ఒక ఫోటో తీసుకోండి. ఇంటికెళ్లాక రెరా వెబ్‌సైటులో కొట్టి చూస్తే మేం రాసిచ్చిన ప్లాను, అప్పగించే తేదీ కనిపిస్తాయి. ఆ తేదీ 2027 మార్చి 31. అది దాటిందంటే, మీరు ఫ్లాటు వదులుకోకుండా ఉన్నన్నాళ్లూ ఆలస్యమైన ప్రతి నెలకూ మీరు కట్టిన డబ్బుకి మేం వడ్డీ ఇవ్వాలి. చట్టం అలా ఉంది.

(ఫ్లాటు హాల్లో. టేపు ఆయన చేతికే ఇవ్వండి, మీరు కొలవొద్దు.)

ఒక మాట ముందే చెప్పేస్తాను. మా రేటు చదరపుటడుగుకి 4,400. ఈ చుట్టుపక్కల 3,300కే ఇస్తామనేవాళ్లున్నారు, మీరూ వినే ఉంటారు. ఆ రేటు సూపర్ బిల్టప్ మీద. మెట్లు, కారిడారు, లిఫ్టు గొయ్యి, గోడల మందం అన్నీ కలిపి 830 అడుగులని రాస్తారు. దాన్ని 3,300తో గుణిస్తే 27 లక్షల 39 వేలు. మేం అమ్మేది 625 అడుగుల కార్పెట్. 4,400 చొప్పున 27 లక్షల 50 వేలు. ఇంచుమించు ఒకే డబ్బు. తేడా ఏమిటంటే, ఈ 625ని మీరు ఇప్పుడే కొలుచుకోవచ్చు. లోపలి అడ్డుగోడలు ఇందులో కలుస్తాయి; బయటిగోడలు, బాల్కనీ కలవవు. రెరా చట్టంలో కార్పెట్ అంటే ఇదే లెక్క. బాల్కనీకి వేరే డబ్బు లేదు.

(వాళ్లు కొలుస్తుంటే మాట్లాడొద్దు. పెద్దావిడ వంటింట్లోకి వెళ్తే వెనకే వెళ్లండి.)

అవునండీ, వంటిల్లు చిన్నదే. ఇద్దరు నిలబడితే మూడో మనిషికి చోటుండదు. ఆ అడుగులన్నీ హాల్లోకి పోయాయి. ఠాకురాణి యాత్రకి శ్రీకాకుళం నుంచి, పలాస నుంచి చుట్టాలు దిగితే పరుపులు వేసేది హాల్లోనే కదండీ!

(తూర్పు బాల్కనీ. తలుపు తీసి, ఒక నిమిషం గాలి తగలనివ్వండి.)

గోపాలపురం వైపు నుంచి వచ్చే గాలి ఇది. ఇప్పుడు హాయిగానే ఉంటుంది. 2013 అక్టోబరు 12 రాత్రి మీరు ఊళ్లోనే ఉన్నారా? ఫైలిన్ తుపాను తీరం దాటింది అక్కడే.

(ఇక్కడ ఆగండి. బరంపురంలో ఆ రాత్రి గురించి చెప్పని ఇల్లు లేదు. వాళ్లు చెప్పేది పూర్తిగా వినండి. మధ్యలో మన జనరేటరు ముచ్చట దూర్చకండి.)

ఆ తరవాత కరెంటు లేక, మోటారు ఆడక, నీళ్ల కోసం మనం పడ్డ అవస్థ గుర్తుందిగా. అందుకే జనరేటరు మీద ముందు నీళ్ల మోటారు, ఆ తరవాత లిఫ్టు, ఆ పైన ఒక్కో ఇంటికి రెండు లైట్లు, ఒక ఫ్యాను పెట్టాం. ఏసీ ఆడదు, ఫ్రిజ్ ఆడదు. ఎవరైనా ఆడుతుందన్నా నమ్మకండి. కింద పార్కింగు నేల రోడ్డుకన్నా మూడడుగులు ఎత్తు. ప్రతి కిటికీ మీదా సజ్జా ఉంది, కింది పట్టాలో నీళ్లు పోయే కన్నాలున్నాయి, చూడండి. అయినా వాన అడ్డంగా కొట్టే రాత్రి ఈ తూర్పు కిటికీ దగ్గర కాస్త తడి వస్తుంది. తుడుచుకోడానికో గుడ్డ పెట్టుకోవాల్సిందే. కట్టడంలోనే లోపమేదైనా బయటపడితే మాత్రం, అప్పగించిన అయిదేళ్లలోపు చెబితే మా ఖర్చుతో సరిచేయాలి.

(అందరూ కూర్చున్నాక లెక్క కాగితం. అద్దెకి కట్టేదే ఈఎంఐకి కట్టండి అనే పాత పాట పాడొద్దు. వాళ్ల అద్దె 9 వేలు, ఈఎంఐ దానికి రెండింతలు పైనే. లెక్క వాళ్లకీ వచ్చు.)

మేడమ్, మొదటిసారి కొనేవాళ్లు తడబడేది ఈఎంఐ దగ్గర కాదు, చేతిలోంచి పడాల్సిన డబ్బు దగ్గర. అప్పు 30 లక్షల లోపైతే బ్యాంకు ఇంటి ధరలో 90 శాతం దాకా ఇవ్వొచ్చు. అంటే 24 లక్షల 75 వేలు. మిగతా 2 లక్షల 75 వేలు మీది. రిజిస్ట్రేషన్ ఖర్చులు మామూలుగా అప్పులో కలవవు, అవీ మీవే. జీఎస్టీ 1 శాతం, 27,500. స్టాంపు డ్యూటీ మగవాళ్ల పేరు మీదైతే 5 శాతం, ఆడవాళ్ల పేరు మీదైతే 4. మీ పేరున రాయిస్తే 1 లక్షా 10 వేలు, అక్కడే 27,500 మిగులు. రిజిస్ట్రేషన్ ఫీజు 2 శాతం, 55 వేలు. మొత్తం 4 లక్షల 67 వేల 500. ఇంత సిద్ధంగా ఉంటేనే ముందుకెళ్దాం. చిట్టీ పాడి, గొలుసు కుదువపెట్టి మొదలెట్టొద్దు.

వడ్డీ 8.5 శాతం అనుకుంటే, 20 ఏళ్లకి నెలకి సుమారు 21,500. ఇంకో సంగతి. మీ ఇంటి ఆదాయం ఏడాదికి 9 లక్షల లోపుండి, దేశంలో ఎక్కడా మీ కుటుంబానికి పక్కా ఇల్లు లేకపోతే, ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ 2.0 కింద వడ్డీ సబ్సిడీ అడగొచ్చు. ఇంటి ధర 35 లక్షలు, అప్పు 25 లక్షలు దాటకూడదు. మీది రెండిటి లోపలే ఉంది. ఎక్కువలో ఎక్కువ 1 లక్షా 80 వేలు, అయిదు వాయిదాల్లో వస్తుంది. వచ్చి తీరుతుందని నేను మాటివ్వలేను. ఊళ్లో మీ మావగారి ఇల్లు ఎవరి పేరున ఉందో ముందు చూసుకోండి.

(పెద్దావిడ “కాగితాలన్నీ ఒరియాలో ఉంటాయి, మాకేం తెలుస్తుంది” అంటారు. తప్పకుండా అంటారు.)

అమ్మగారూ, మా ఇంట్లోనూ అంతే, మాట్లాడతాం గానీ చదవలేం. అందుకే పట్టా, అగ్రిమెంటు రెండూ వరసకి వరస తెలుగులో చదివి వినిపిస్తాం. మా మాట మీద నమ్మకం లేకపోతే మీ వకీలునే తెచ్చుకోండి, ఇంకా మంచిది. పట్టాలో కిసం, అంటే నేల రకం, అన్న చోట ‘ఘరబారి’, అంటే ఇంటి స్థలం, అని ఉందో లేదో చూడండి. పొలంగానే మిగిలిపోయిన నేల మీద కట్టిన ఫ్లాటుకి బ్యాంకు ముందే మొహం తిప్పేస్తుంది. ఇదిగో ఖాతా నంబరు, ప్లాటు నంబరు. ప్రభుత్వ భూరికార్డుల వెబ్‌సైటు భూలేఖ్‌లో మీరే తీసి చూసుకోవచ్చు.

అగ్రిమెంటు రిజిస్టరు కాకుండా ధరలో 10 శాతం మించి మేం తీసుకోకూడదు. ఈరోజైతే అసలేమీ తీసుకోం. టోకెన్ ఇస్తామన్నా వద్దనే అంటాను బాబూ. వచ్చే ఆదివారం దాకా ఈ ఫ్లాటు ఇంకొకరికి రాయం.

(తాళం వాళ్లకే ఇచ్చి కిందికి వచ్చేయండి. అరగంట వాళ్లని పైనే ఉండనివ్వండి. మంచం ఎటు వేయాలి, దేవుడి పటాలు ఏ మూల పెట్టాలి అన్నవి మన ముందు మాట్లాడుకోరు.)